జూన్ 10కి అంతా కావాలంటే

జూన్ 2, సోమవారం పొద్దున. మోటారు పంపులు తయారుచేసే ఒక సంస్థ మేనేజరు ఫోన్ చేశారు. వాళ్ల సర్వీసు పుస్తకం తెలుగులోకి రావాలి. నలభై వేల పదాలు. 10వ తేదీకి చేతికందాలి. సాంకేతిక విషయమైతే నేను రోజుకు రెండు వేల పదాలు చేస్తాను. అంటే ఒక్క అనువాదానికే ఇరవై పనిదినాలు.

"నలుగురికి పంచెయ్యండి" అన్నారాయన. పంచితే ఒకరు కవాటం అంటారు, మరొకరు వాల్వు అంటారు. పుస్తకం పట్టుకుని పంపు విప్పే మెకానిక్కు అవి రెండు వేరు వస్తువులనిపిస్తాయి. ఆ తేడాలు దిద్దడానికే ఇంకో వారం పోతుంది.

కాదనే ముందు ఒకటి అడిగాను: "10న ఇది ఎవరి చేతికి వెళ్తుందండీ?" 12న డీలర్ల సమావేశమట. అక్కడ పంచేది భద్రత, బిగింపు అధ్యాయాలే. అవి ఎనిమిది వేల పదాలు. మిగతా ముప్పై రెండు వేలకు ఆ తేదీతో పనే లేదు!

ఫోన్లో ఒప్పుకున్నది పదో తేదీకి ఎవరికీ గుర్తుండదు. అందుకే ఆ సాయంత్రమే మెయిల్ పెట్టాను:

"నమస్కారమండీ. మొత్తం పుస్తకం జూన్ 10కి నాణ్యంగా ఇవ్వలేం. మీ సమావేశానికి కావలసింది మాత్రం ఇవ్వగలం. మొదటి విడత: భద్రత, బిగింపు, జూన్ 10. రెండో విడత: మరమ్మతులు, 14 వేల పదాలు, జూన్ 20. మూడో విడత: విడిభాగాలు, వారంటీ, 18 వేల పదాలు, జూలై 1. సాంకేతిక పదాల జాబితా జూన్ 3న పంపుతాం. 4 సాయంత్రానికి మీ ఆమోదం రావాలి. అది ఎన్ని రోజులు ఆలస్యమైతే మా తేదీలూ అన్ని రోజులు జరుగుతాయి. ప్రతి విడతకూ విడిగా బిల్లు. అంగీకారమైతే రేపు మధ్యాహ్నంలోగా జవాబివ్వండి, పని మొదలుపెడతాం."

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యం ఆమోదం సంగతే. చాలామంది తమ తేదీలు రాసి, అవతలివాళ్ల తేదీ రాయరు. జాబితా వాళ్ల ఇంజనీరు బల్ల మీద నాలుగు రోజులు పడి ఉంటే, ఆలస్యం మన ఖాతాలో పడుతుంది. "వచ్చే వారం" అని రాయడమూ ప్రమాదమే. మనకది శనివారం, వాళ్లకు సోమవారం.

విడతలు అన్నిచోట్లా పనికిరావు. టెండరు పత్రాల్లాంటివి సగం ఇస్తే ఇవ్వనట్టే. అక్కడ పని తగ్గించమని అడగాలి, కుదరకపోతే వదులుకోవాలి.

మర్నాడు పదకొండింటికి జవాబొచ్చింది. మూడో విడత జూలై 5కి ఇచ్చినా చాలన్నారు.