గృహప్రవేశానికి రాలేమని చెప్పేటప్పుడు

గురువారం అక్క ఇంట్లో గృహప్రవేశం. ఆ ముందు శనివారమే చెల్లెలి అత్తవారి వైపు చిన్నమామగారు పోయారు. పది రోజుల మైల. గురువారం నాటికి ఆరో రోజే అవుతుంది. వెళ్లడానికి లేదు. మరి పందిరి వేసి, పాలు పొంగించడానికి సిద్ధమవుతున్న ఇంటికి ఈ సంగతి ఎలా చెప్పాలి?

చాలామంది ‘కొన్ని కారణాల వల్ల రాలేకపోతున్నాం’ అని రాసి ఊరుకుంటారు. శుభకార్యం ముందు చావు మాట ఎందుకని వాళ్ల జంకు. చదివినవాళ్లకు మాత్రం అది అలకలా అనిపిస్తుంది. బొట్టు పెట్టి పిలవలేదనా, ఫోన్లో పిలిచి సరిపెట్టామనా అని వెతుక్కుంటారు. కారణం ఒక్క ముక్కలో చెప్పేయడమే మేలు.

అయితే రాసే ముందు ఒకటి చూసుకోవాలి. పోయినవారు పిలిచినవాళ్లకు ఏమవుతారు? ఇద్దరూ దాయాదులైతే మైల వాళ్లకూ వస్తుంది. అప్పుడది రాలేమని చెప్పే కబురు కాదు, వాళ్ల ముహూర్తాన్నే ఆపే కబురు. పదకొండో రోజు బారసాల పెట్టుకున్నవాళ్లు దాన్ని ఇరవై ఒకటో రోజుకో, ఆ తర్వాతికో జరుపుకోవాల్సి రావచ్చు. అలాంటిది మెసేజ్‌లో పెట్టకూడదు. ఆ ఇంటి పెద్దకు వెంటనే ఫోన్ చేయాలి.

ఇక్కడ అక్కకు ఆ మైల లేదు. ఆ మాటే ముందు తెలియాలి. చెల్లెలు ఆదివారమే, అక్క ఒక్కదానికే ఇలా రాసింది:

‘అక్కా, మా చిన్నమామయ్యగారు నిన్న కాలం చేశారు. ఇది మాకే, మీకు అంటదు. మీ పని ఆపుకోవద్దు. వచ్చే సోమవారం దాకా మైల కాబట్టి గురువారం రాలేం. బావగారికి నువ్వే చెప్పు. పనుల్లో ఉంటావు, ఫోన్ చేయకపోయినా ఏమీ అనుకోను. శుద్ధి అయ్యాక వచ్చి ఇల్లు చూస్తాం.’

శుభాకాంక్షలు వెల్లువెత్తుతున్న కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఆమె ఈ మాట పెట్టలేదు. ముహూర్తం రోజు పొద్దున దాకా ఆగలేదు కూడా. పీటల మీద కూర్చోబోయేవాళ్లు వినాల్సిన వార్త కాదది. చీర, పంచె కూడా మైల విడిచాకే తీసుకెళ్దామని పక్కన పెట్టింది.

మైల లెక్క కులాన్ని బట్టి, ఇంటి ఆచారాన్ని బట్టి మారుతుంది. తల్లిదండ్రులు పోయినవాళ్లు ఏటిసూతకమని ఏడాదంతా శుభకార్యాలకు వెళ్లని ఇళ్లు ఉన్నాయి, భోజనం వేళకు వెళ్లొచ్చే ఇళ్లూ ఉన్నాయి. తేల్చుకోలేకపోతే సొంత ఇంటి పురోహితుణ్ణో, పెద్దవాళ్లనో అడగాలి. ఆ సందేహం పిలిచినవాళ్ల మీద పెట్టకూడదు.

జబ్బయితే జబ్బనే స్పష్టంగా రాయాలి. ‘ఇంట్లో ఇబ్బంది’ అంటే అవతలివాళ్లు ఇంకేదో ఊహించుకుని భయపడతారు. ‘నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నారు, ప్రమాదం లేదు, దగ్గర ఒకరు ఉండాలి’ అంటే చాలు. రిపోర్టుల వివరాలు అక్కర్లేదు.

పిలిచినవాళ్లకూ ఒక పని మిగులుతుంది. మైల విడిచాక కూడా, తమంతట తాము కొత్త ఇంటి గడప తొక్కడానికి చాలామంది వెనకాడతారు. పదకొండో రోజు దాటాక ‘ఒకసారి రండి’ అని ఇంటివాళ్లే మళ్లీ పిలవాలి.