పాత కార్డు మూసేస్తే మీ అప్పు చరిత్ర చెరిగిపోతుందా?

పన్నెండేళ్లో పధ్నాలుగేళ్లో కిందట తీసుకున్న క్రెడిట్ కార్డు బీరువాలో పడి ఉంటుంది. జీతాల ఖాతా తెరిచిన కొత్తలో బ్యాంకువాళ్లు ఇచ్చిన కార్డు అది. ఇప్పుడు వాడేది లేదు. ఏడాదికోసారి మాత్రం 500 రూపాయల ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి 590 రూపాయల బిల్లు వస్తుంది. తీసేద్దామంటే ఎవరో ఒకరు ఆపుతారు: ‘పాత కార్డు మూసేశావంటే సిబిల్ స్కోరు పడిపోతుంది, ఇన్నేళ్ల చరిత్ర పోతుంది’ అని. ఆ మాటకు భయపడి, దేనికి కడుతున్నామో తెలియకుండానే ఏటా ఫీజు కట్టేవాళ్లు చాలామంది. వాళ్ల కష్టార్జితం అలా పోతుంటే బాధనిపిస్తుంది. ఆ మాటలో కొంత నిజముంది, కానీ ఆ నిజం వాళ్లు అనుకున్న చోట లేదు.

ముందు చరిత్ర సంగతి చూద్దాం. కార్డు రద్దయిన రోజున రిపోర్టులోంచి ఆ ఖాతా మాయమైపోదు. మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు మన అప్పుల వివరాలు దాస్తాయి. నిబంధనల ప్రకారం ఆ సమాచారాన్ని అవి కనీసం ఏడేళ్లు ఉంచాలి. మూసేసిన కార్డు దగ్గర Date Opened అని తెరిచిన తేదీ అలాగే ఉంటుంది, పక్కన Date Closed అని మరో తేదీ చేరుతుంది. ఏ నెల బిల్లు ఆ నెల కట్టిన రికార్డు కూడా ఆ ఖాతాతో పాటే నిలిచి ఉంటుంది. ఇన్నేళ్లు మీరు తెచ్చుకున్న మంచిపేరు ఒక్క దరఖాస్తుతో తుడిచిపెట్టుకుపోదు.

ఈ వయసు లెక్క మీద భయం ఎక్కువగా అమెరికా నుంచి వచ్చింది. అక్కడ వాడుకలో ఉన్న ఫైకో స్కోరులో అప్పు చరిత్ర నిడివికి 15 శాతం ప్రాధాన్యం ఉంటుందని ఆ సంస్థే చెబుతుంది. బిల్లులు సకాలంలో కట్టడానికి 35 శాతం, ఎంత బాకీ ఉన్నారన్నదానికి 30 శాతం. నిడివి అంటే అన్నిటికంటే పాత ఖాతా వయసు, కొత్త ఖాతా వయసు, మొత్తం ఖాతాల సగటు వయసు. మంచి స్థితిలో మూసేసిన ఖాతా అక్కడ పదేళ్ల దాకా రిపోర్టులో ఉంటుంది, ఉన్నంతకాలం వయసు లెక్కలోకి వస్తుంది. సిబిల్ తన లెక్క మొత్తాన్ని బయటపెట్టదు కానీ, అప్పు ఎంతకాలంగా ఉందన్నది చూస్తామని చెబుతుంది. చదువు కోసం, ఉద్యోగం కోసం డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లిన మనవాళ్లకు ఈ సంగతి మొదటి ఏడాదే అనుభవంలోకి వస్తుంది. ఇక్కడి చరిత్ర సాధారణంగా అక్కడికి వెంటరాదు. డిపాజిట్ మీద ఇచ్చే చిన్న కార్డుతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకే ఆ తొలి కార్డును వాళ్లు అంత జాగ్రత్తగా చూసుకుంటారు.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. విజయవాడలో ఒక ఉద్యోగికి మూడు కార్డులున్నాయని అనుకుందాం. మొదటిది 14 ఏళ్ల నాటిది, లిమిట్ 1,20,000. రెండోది ఆరేళ్లది, లిమిట్ 80,000. మూడోది రెండేళ్లది, లిమిట్ లక్ష. సగటు వయసు ఏడేళ్ల నాలుగు నెలలు. పాత కార్డు మూసేశాడు. రిపోర్టులో అది ఇంకా ఉంది కాబట్టి, దాన్ని లెక్కలో ఉంచే పద్ధతిలో సగటు ఆ రోజే తగ్గదు. ఏడేళ్లకు ఆ ఖాతాను తీసేశారనుకుందాం. అప్పటికి మిగతా రెండు కార్డులకు 13 ఏళ్లు, తొమ్మిదేళ్లు వస్తాయి, సగటు 11 ఏళ్లు. పాతది మూయకుండా ఉంచుకుని ఉంటే సగటు 14 ఏళ్ల నాలుగు నెలలు అయ్యేది. తేడా మూడేళ్ల పైచిలుకే. పైగా పదకొండేళ్ల సగటు ఉన్న మనిషిని అప్పుకు కొత్తవాడని ఏ బ్యాంకూ అనుకోదు. ఆ తేడా కోసం ఏడేళ్ల పాటు ఏటా 590 చొప్పున 4,130 రూపాయలు కట్టడం నా దృష్టిలో దండగ.

అతనికి అసలు దెబ్బ మరోచోట, అదీ వెంటనే తగులుతుంది. నెలకు మూడు కార్డుల మీద కలిపి 54,000 ఖర్చు పెడుతున్నాడనుకోండి. మొత్తం లిమిట్ మూడు లక్షలు కాబట్టి వాడకం 18 శాతం. పాత కార్డుతో పాటు 1,20,000 లిమిట్ పోయింది. ఖర్చు అదే, లిమిట్ మాత్రం 1,80,000. వాడకం 30 శాతానికి చేరింది. ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చు పెట్టకపోయినా, రిపోర్టు చూసేవాళ్లకు అతను అప్పు మీద ఎక్కువగా ఆధారపడుతున్నట్టు కనిపిస్తాడు. పాత కార్డు మూసిన తర్వాతి నెలల్లో స్కోరు తగ్గిందని చెప్పేవాళ్లలో చాలామంది విషయంలో కారణం ఇదే. వయసు తగ్గిందని వాళ్లు అనుకుంటారు, నిజానికి తగ్గింది లిమిట్.

ఈ దెబ్బ శాశ్వతం కాదు. సంస్థలకు బ్యాంకులు పంపేది సాధారణంగా బిల్లు తయారయ్యే నాటి బాకీ. మన ఉద్యోగి బిల్లు తేదీకి రెండుమూడు రోజుల ముందే సగం డబ్బు, అంటే 27,000 కట్టేస్తే, రిపోర్టుకు వెళ్లే బాకీ 27,000 మాత్రమే. 1,80,000 మీద అది 15 శాతం. లేదంటే మిగిలిన కార్డుల మీద లిమిట్ పెంచమని అడగవచ్చు. ఒకే బ్యాంకులో రెండు కార్డులుంటే ఇంకో సంగతి కనుక్కోవాలి. కొన్ని బ్యాంకులు రెండింటికీ కలిపి ఒకే లిమిట్ ఇస్తాయి. అలాంటప్పుడు ఒకటి మూసినా లిమిట్ తగ్గకపోవచ్చు. గృహరుణానికి దరఖాస్తు పెట్టబోయే ముందు నెలల్లో మాత్రం ఏ కార్డునూ కదపకండి. ఆ సమయంలో అయిదు పాయింట్ల తేడా కూడా వడ్డీ రేటు మీద పడవచ్చు.

ఇంతవరకు చెప్పింది మరో రెండు కార్డులున్న మనిషి గురించి. ఉన్నది ఒక్క కార్డే అయితే, వేరే ఏ అప్పూ లేకపోతే, కథ పూర్తిగా మారిపోతుంది. ఉదాహరణకు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయిని. ఇంటి అప్పు ఎప్పుడో తీరిపోయింది, మిగిలింది ఒక్క పాత కార్డు. ‘ఇంకెందుకులే’ అని దాన్నీ మూసేస్తే ఆమె పేరు మీద కదలిక ఉన్న ఖాతా ఒక్కటీ ఉండదు. ఒకట్రెండేళ్ల పాటు ఏ కదలికా లేకపోతే సిబిల్ స్కోరు ఉండాల్సిన చోట NA అనో NH అనో రావచ్చు. ఆమె ఏ బాకీ ఎగ్గొట్టలేదు, అయినా లెక్కలేని మనిషి అయిపోతుంది. రేపు మనవడి చదువు రుణానికి ఆమె పేరు కూడా చేర్చాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది ఇబ్బంది. ఇలాంటివాళ్లు పాత కార్డును వదులుకోకూడదని గట్టిగా చెబుతాను. ఫీజు ఉంటే, ఫీజు లేని రకానికి మార్చమని బ్యాంకును అడగాలి. అడిగేటప్పుడు ‘ఖాతా తెరిచిన తేదీ పాతదే ఉంటుందా’ అని రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. ఎందుకంటే కొత్త ఖాతాగా తెరిస్తే వయసు సున్నా నుంచి మొదలవుతుంది.

చరిత్ర మొదలై రెండుమూడేళ్లే అయినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. 14 ఏళ్ల కార్డు, ఏడాది కార్డు రెండే ఉన్న మనిషి పాతది మూసి, ఏడేళ్ల తర్వాత అది రిపోర్టులోంచి తొలగిపోతే, మిగిలేది ఎనిమిదేళ్ల కార్డు ఒక్కటే. ఉంచుకుని ఉంటే సగటు పద్నాలుగున్నర ఏళ్లు. ఇక్కడ తేడా పెద్దదే.

అయితే ఉంచుకోవడమంటే బీరువాలో పెట్టి మరిచిపోవడం కాదు. 2022లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఏడాదికి మించి వాడని కార్డును మూసే ప్రక్రియను బ్యాంకు మొదలుపెట్టవచ్చు. ముందు మీకు తెలియజేస్తుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే బాకీ ఏమీ లేని ఖాతాను మూసేస్తుంది. పాత ఫోన్ నంబరు, పాత ఈమెయిల్ ఇచ్చి మరిచిపోయినవాళ్లకు ఆ సందేశం చేరనే చేరదు. కార్డు ఉందనే అనుకుంటారు, అది ఎప్పుడో పోయి ఉంటుంది. మూడునాలుగు నెలలకోసారి కరెంటు బిల్లో ఫోన్ రీఛార్జో దాని మీద కట్టి, వచ్చిన బిల్లు మొత్తం చెల్లిస్తే చాలు. రూపే క్రెడిట్ కార్డయితే యూపీఐకి కలుపుకుని కిరాణా కొట్టులో కూడా వాడవచ్చు. బిల్లు బ్యాంకు ఖాతాలోంచి దానంతట అదే వెళ్లేలా పెట్టుకోండి. చిన్న మొత్తం కదా అని మరిచిపోయి గడువు తప్పితే, మూడు రోజులు దాటాక ఆలస్యమైనట్టు సంస్థలకు వెళుతుంది. వయసు కాపాడుకోబోయి చెల్లింపుల రికార్డు పాడుచేసుకున్నట్టవుతుంది. స్కోరులో ఆ రికార్డుదే పెద్ద వాటా.

మూసేద్దామనే నిర్ణయించుకుంటే పద్ధతిగా మూయాలి. ఆ కార్డు మీద ప్రతి నెలా వెళ్లే చందాలు, బీమా ప్రీమియంలు ముందు వేరే చోటికి మార్చండి. మిగిలిన రివార్డు పాయింట్లు వాడేసుకోండి. ఈఎంఐలు ఉంటే పూర్తిచేయండి. ఇంకా బిల్లులోకి రాని మొత్తం ఎంతో అడిగి అదీ కట్టండి. కొత్త ఏడాది ఫీజు పడకముందే ఇదంతా జరిగితే మేలు. తర్వాత హెల్ప్‌లైన్, ఈమెయిల్, యాప్, నెట్ బ్యాంకింగ్, దేనిద్వారానైనా అభ్యర్థన పెట్టవచ్చు. పోస్టులోనే పంపమని బ్యాంకు పట్టుబట్టకూడదు. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూయాలి. మూయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకీ 500 రూపాయలు మీకు ఇవ్వాలి. పట్టించుకోకపోతే 30 రోజుల తర్వాత cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కానీ ఇంకో పని ఉంది. రెండు నెలలయ్యాక రిపోర్టు తెప్పించుకోండి. ప్రతి సంస్థా ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో ఆ కార్డు దగ్గర Date Closed ఉందా, Current Balance సున్నా అయిందా చూడండి. Settled అనో Written-off అనో ఉంటే అది చాలా చెడ్డ గుర్తు. బాకీ మొత్తం కట్టకుండా తేల్చేసుకున్నారనీ, బ్యాంకు నష్టం రాసుకుందనీ దాని అర్థం. కార్డు వదిలేసేటప్పుడు కట్టకుండా మిగిలిన చిన్న ఛార్జీ, దానిమీద పెరిగిన వడ్డీ ఏళ్లు గడిచాక ఈ రూపంలో బయటపడటం ఉంది. తప్పు కనిపిస్తే బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం జతచేసి ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే అభ్యంతరం నమోదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే, ఆ తర్వాత ప్రతి రోజుకీ 100 రూపాయల పరిహారం మీకు రావాలి.