ఇరవయ్యో తారీఖు దాటాక

ఉద్యోగాల విషయంలో సలహా అడుగుతూ నాకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటికి చివర ఒకే ప్రశ్న ఉంటుంది: ‘ఏ ఉద్యోగానికి మారాలి?’ విజయవాడ నుంచి వచ్చిన ఈ ఉత్తరంలో అది లేదు. రాసినాయనకు ముప్పై ఏళ్లు. సీఏ ఇంటర్‌లో ఒక గ్రూపు పాసై ఆపేశారు. ఎనిమిదేళ్లుగా ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తున్నారు. ‘జీతం పెరిగింది, ఓనరుగారు మంచివారు, ఇంట్లో గొడవల్లేవు. అయినా కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాను. సీఏ వదిలేసినందుకా, గడువుల ఒత్తిడికా? కారణం ఎలా కనుక్కోవాలి?’ అని అడిగారు.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. సెలవు పెట్టి ఊరెళ్లినా ఆ అలజడి వెంట వస్తోందా? రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి దెబ్బతినడం ఉంటే వెళ్లవలసింది డాక్టరు దగ్గరికి, నా దగ్గరికి కాదు. ఈయనకు అలాంటివేమీ లేవు. సంక్రాంతికి అయిదు రోజులు ఊళ్లో హాయిగా ఉన్నారట.

‘నాకెందుకిలా ఉంది?’ అని నేరుగా అడుక్కుంటే మనసు సిద్ధంగా ఉన్న జవాబొకటి అందిస్తుంది. ఈయనకు అందించినవి సీఏ, గడువులు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకో దారి పట్టాడు. పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను (అవును, అకౌంటెంట్లనే) కూర్చోబెట్టి, పనిలో చాలా బాగా అనిపించిన సందర్భం ఒకటి, చాలా చెడ్డగా అనిపించినది ఒకటి చెప్పమన్నాడు. ఆ ఫలితాలు 1959లో పుస్తకంగా వచ్చాయి. చెడ్డ సందర్భాల్లో ఎక్కువగా కనిపించినవి కంపెనీ పద్ధతులు, పై అధికారి తీరు. మంచి సందర్భాల్లో సాధించిన పని, దొరికిన గుర్తింపు, ఆ పనిలోని రుచి, చేతికొచ్చిన బాధ్యత. అంటే బాధపెట్టేవి తీసేసినంత మాత్రాన తృప్తి వచ్చి కూర్చోదు. జీతం పెరిగినా ఈయన కుదురుగా లేకపోవడంలో వింతేమీ లేదు.

ఆ పద్ధతికి ఒక లోపం ఉందని తర్వాతివాళ్లు ఎత్తి చూపారు. మంచి జరిగితే మన ఖాతాలోనూ, చెడు జరిగితే ఎదుటివాడి ఖాతాలోనూ రాసుకోవడం మనుషుల అలవాటు. పాత జ్ఞాపకాల మీద ఆధారపడితే ఆ తప్పు ఇంకా పెరుగుతుంది. అందుకని ఈయనను గుర్తు తెచ్చుకోవద్దని, అప్పటికప్పుడు రాయమని చెప్పాను. టైము, చేతిలో ఉన్న పని, అంతకు ముందు జరిగింది. ఈ మూడే. కారణం మాత్రం రాయకూడదు. మనసు కుదుటగా ఉన్న గంటలు కూడా రాయాలి.

నెలలో 7న టీడీఎస్ కట్టడం, 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బి. ఈ మూడూ కలిసొచ్చేలా 7 నుంచి 30 దాకా రాశారు. 14వ తారీఖు పేజీ ఇది: ‘జీఎస్టీఆర్-2బి వచ్చింది. ఒక సప్లయర్ బిల్లులు అందులో లేవు. వేరేవాళ్ల జీఎస్టీ నంబరు మీద ఎక్కించారని పట్టుకున్నాను. భోజనం సంగతే గుర్తు రాలేదు.’ 23వ తారీఖుది: ‘ఉదయం 11. కొనుగోలు బిల్లులు టాలీలో ఎక్కిస్తున్నాను. గంటలో ఆరుసార్లు ఫోన్ తీశాను.’ 27న, కదలకుండా పడి ఉన్న సరుకు జాబితా తీసి ఇస్తే ఓనరుగారు చూడకుండానే సొరుగులో పెట్టారు. ఆ సాయంత్రమంతా చిరాకు.

అలజడి రాసిన చోట్లు మొత్తం 17. అందులో తొమ్మిది బిల్లులు ఎక్కించేటప్పుడు, నాలుగు ఆయన ఇచ్చిన లెక్కను ఎవరూ చూడనప్పుడు. రెండు ఆదివారం సాయంత్రాలు, కెనడాలో ఉన్న పెద్దమ్మగారబ్బాయి ఫోన్ చేసి పెట్టేశాక. మరో రెండింటికి ఏ పొంతనా దొరకలేదు. మూడు గడువు రోజుల్లోనూ ఒక్కటి కూడా లేదు. ఆయన అనుమానించిన గడువులే ఆయన్ను నిలబెడుతున్నాయి, ఇరవయ్యో తారీఖు దాటాకే జారిపోతున్నారు. సీఏ చదువు ప్రస్తావన ఎక్కడా రాలేదు. లెక్క ఎక్కడ తప్పిందో వెతికి పట్టుకోవడం ఆయనకిష్టం. ఆ పట్టుకున్నది ఎవరికీ పనికి రాకపోవడం కష్టం.

ఒక్క నెల రాతను తీర్పుగా తీసుకోకూడదు. ట్యాక్స్ ఆడిట్ పని మీద పడే సెప్టెంబరులో మళ్లీ రాయాలి. అయితే ఈలోగా అనుమానాన్ని చిన్నగా పరీక్షించుకోవచ్చు. ప్రతి నెలా 25న అరగంట కూర్చుని నిలిచిపోయిన సరుకు, రావలసిన బాకీలు కలిసి చూద్దామని, బిల్లులు ఎక్కించడానికి ఒక కుర్రాణ్ణి పెట్టమని ఓనరుగారిని అడగమన్నాను. రెండు నెలల తర్వాత ఆ 17 ఎంతయిందో చూసుకుని, ఉద్యోగం మారే సంగతి అప్పుడు ఆలోచించవచ్చు.

ఓనరుగారు అరగంటకు ఒప్పుకున్నారు. కుర్రాణ్ణి పెట్టడం ఇప్పట్లో కుదరదన్నారు.