ఎర్ర వైన్‌లో బలం ఎక్కడుంది?

వైన్ దుకాణాల్లో 'బోల్డ్ రెడ్స్' అని చీటీ పెట్టిన అరలో సిరా, గ్రెనాష్, మాల్బెక్ సీసాలు పక్కపక్కనే ఉంటాయి. మూడూ నల్లద్రాక్ష రకాల పేర్లే. మూడింటినీ గట్టి వైన్లుగానే అమ్ముతారు. కానీ ఆ గట్టితనం ఒక్కోదానికి ఒక్కో చోటినుంచి వస్తుంది. సిరాకు వాసనలోనూ వగరులోనూ ఉంటుంది, గ్రెనాష్‌కు ఆల్కహాలులో ఉంటుంది, మాల్బెక్‌కు రంగులోనూ పండు రుచిలోనూ ఉంటుంది. గ్లాసులో ఉన్నది ఏ బలమో పట్టుకుంటే, పక్కన ఏ కూర పెట్టాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది.

పట్టుకోవడం కంటితో మొదలవుతుంది. ఒకే రకం గ్లాసులు మూడు తీసుకుని అడుగున రెండు వేళ్ల ఎత్తు పోసి, అచ్చు అక్షరాలున్న తెల్లకాగితం మీద ఒక్కోదాన్నీ వాల్చి చూడాలి. కింది అక్షరాలు చదవగలిగితే అది చాలావరకు గ్రెనాషే. దాని తొక్క పల్చన, అందుకే రంగు తక్కువ. పైగా గాలి తగిలితే తొందరగా పాతబడే స్వభావం ఉంది కాబట్టి, నాలుగైదేళ్లకే గ్లాసు అంచున ఇటుక రంగు తేలుతుంది. మాల్బెక్‌లో అక్షరాలు కనిపించవు. నేరేడు రసంలాంటి ముదురు ఊదా రంగు, అంచున మెరిసే గులాబీ చాయ దాని గుర్తు. సిరా కూడా చిక్కగానే ఉంటుంది, కానీ అంచున ఆ గులాబీ మెరుపు తక్కువ. ఈ రెండూ కంటికి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఇక్కడితో తీర్పు చెప్పకూడదు. ముక్కు దగ్గరికి తీసుకెళ్లాలి.

సిరా వాసనలో మిరియం ఉంటుంది. ఇది పోలిక కోసం చెప్పే మాట కాదు, రసాయనంగా నిజం. ఆస్ట్రేలియాలోని వైన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధనలో రోటుండోన్ అనే పదార్థాన్ని గుర్తించారు. సిరా ద్రాక్ష తొక్కలోనూ, మన వంటింటి మిరియాల గింజలోనూ ఆ ఘాటు వాసనకు కారణం అదే. లీటరు వైన్‌లో 16 నానోగ్రాములుంటే చాలు, మనిషి ముక్కు పసిగడుతుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. అయితే ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి ఈ వాసన అసలు తెలియదు. మీకు సిరాలో మిరియం అందకపోతే ముక్కులో లోపమని అనుకోనక్కర్లేదు. మిగతా గుర్తుల మీద ఆధారపడాలి: నల్ల బెర్రీ పండ్లు, ఆలివ్, పొగబెట్టిన మాంసం.

చల్లటి చోట పండిన సిరాలో రోటుండోన్ ఎక్కువ, ఎండ మండే చోట తక్కువ. ఫ్రాన్స్‌లో రోన్ నది ఎగువ లోయలో ఎర్మితాజ్, కోర్నాస్, సాఁ జోసెఫ్ లాంటి ఊళ్ల వైన్లలో మిరియం, పొగ, పులుపు స్పష్టంగా ఉంటాయి. ఈ సీసాల మీద ద్రాక్ష పేరు సాధారణంగా ఉండదు, ఊరి పేరే ఉంటుంది. ఆ పేరు చూసి సిరా అని తెలుసుకోవాలి. అదే ద్రాక్ష ఆస్ట్రేలియాలో షిరాజ్ అవుతుంది. అక్కడి వేడి ప్రాంతాల షిరాజ్‌లో మిరియం వెనక్కిపోయి జామ్ లాంటి పండు, చాక్లెట్ వాసన ముందుకొస్తాయి. కళ్లు మూసుకుని తాగితే మాల్బెక్ అని పొరబడేది దీన్నే. మహారాష్ట్రలోని నాసిక్‌లో చేసే వైన్ల మీద కూడా షిరాజ్ అన్న పేరే ఎక్కువగా కనిపిస్తుంది.

గ్రెనాష్ వాసన ఇంత ముదురుగా ఉండదు. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ లాంటి ఎర్ర పండ్లు, ఎండిన ఆకుల పరిమళం, సన్నటి తెల్ల మిరియం వాసన వస్తాయి. రంగు పల్చన, వాసన తేలిక, మరి గట్టి వైన్ అని ఎందుకంటారు? మింగాక తెలుస్తుంది. గొంతులోంచి ఛాతీ దాకా వెచ్చదనం పాకుతుంది. ఈ ద్రాక్ష ఆలస్యంగా పండుతుంది, ఎండను తట్టుకుంటుంది, పండేలోగా బోలెడు చక్కెర కూడబెట్టుకుంటుంది. ఆ చక్కెరంతా పులిసి ఆల్కహాలవుతుంది. స్పెయిన్‌లో గర్నాచా అన్నా, దక్షిణ ఫ్రాన్స్‌లో షాతోనూఫ్ ద్యు పాప్ అన్నా, సీసా మీద 14.5, 15 శాతం కనిపించడం మామూలే. వగరు, పులుపు మాత్రం తక్కువ. షాతోనూఫ్‌లో గ్రెనాష్‌తో పాటు ఇతర ద్రాక్షలు కలపడం ఆనవాయితీ. అందులో సిరా పాలు ఎక్కువైతే రంగు చిక్కబడి, కాగితం పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. అప్పుడు ఆ వెచ్చదనాన్నే నమ్మాలి.

మాల్బెక్ పుట్టిల్లు కూడా ఫ్రాన్సే. కాఓర్ ప్రాంతంలో దాని వైన్‌కు 'నల్ల వైన్' అని పేరుండేది. 1853లో మిషెల్ పుజే అనే ఫ్రెంచి వ్యవసాయ నిపుణుడు దాన్ని అర్జెంటీనాకు తీసుకెళ్లాడు. ఆండీస్ కొండల పాదాన ఉన్న మెండోసాలో అది పుట్టింటికన్నా బాగా కుదురుకుంది. అక్కడ వెయ్యి మీటర్లు దాటిన ఎత్తుల్లోనూ తోటలున్నాయి. పగలు గట్టి ఎండకు తొక్క మందమై రంగు పడుతుంది, రాత్రి చలికి పులుపు నిలుస్తుంది. వాసనలో నల్ల ప్లమ్ పండు, వయొలెట్ పువ్వు, ఓక్ పీపాల్లో ఉంచితే కోకో వస్తాయి. నోట్లో నిండుగా ఉంటుంది, వగరు మెత్తగా ఉంటుంది. కాఓర్ మాల్బెక్ మాత్రం ఇప్పటికీ మొరటుగా, వగరు ఎక్కువగా ఉంటుంది. ఒకే ద్రాక్ష అయినా రెండింటికీ ఒకే కూర నప్పదు.

ఇక పళ్లెం సంగతి. వైన్‌లో వగరు టానిన్ల వల్ల వస్తుంది. అవి లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి, నోరు పొడిబారుతుంది. ఎదురుగా మాంసం ఉంటే ఆ ప్రొటీన్లను కూడా పట్టుకుంటాయి, కొవ్వు నాలుకకు పూతలా అంటుకుంటుంది, వగరు తగ్గుతుంది. దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. బాగా మరిగించిన డికాషన్ ఒక గుక్క తాగి, తర్వాత అందులోనే పాలు పోసి తాగండి. పాల ప్రొటీన్లు టీలోని టానిన్లను పట్టేసుకోవడం నాలుకకు తెలుస్తుంది. అర్జెంటీనాలో అసాదో అంటే పశుమాంసపు పక్కటెముకలను ఉప్పు మాత్రమే చల్లి కట్టెల నిప్పు మీద గంటల తరబడి కాల్చడం. దాని పక్కన మాల్బెక్ అంత హాయిగా ఉండడానికి కారణం ఈ కొవ్వు, ప్రొటీను, ఉప్పే. కారం ఆ పళ్లెంలో దాదాపు లేదు.

మన పళ్లెంలో ఉంది. చిక్కంతా అక్కడే. ఎండుమిరపలోని క్యాప్సైసిన్ మన నోటిలో వేడిని పసిగట్టే నాడీ గ్రాహకాలను రేపుతుంది. ఆల్కహాలు కూడా అదే గ్రాహకాల మీద పనిచేస్తుంది. మామూలుగా 42 డిగ్రీల దగ్గర మేల్కొనే ఆ గ్రాహకం, ఆల్కహాలు తగిలితే 34 డిగ్రీల దగ్గరే మేల్కొంటుందని ప్రయోగాల్లో తేలింది. అంటే ఒంటి వేడే మంటగా తోస్తుంది. గుంటూరు కారం దట్టించిన వేపుడు పక్కన 15 శాతం గ్రెనాష్ పెడితే రెండు మంటలూ కలిసిపోతాయి, పండు రుచి మాయమవుతుంది. అందుకే మన వంటకు వైన్ ఎంచేటప్పుడు సీసా మీద మొదట చదవాల్సింది ఆల్కహాలు శాతం అని నా నమ్మకం. 13, 13.5 అయితే ముందుకెళ్లవచ్చు. 15 అయితే కూరలో కారం తగ్గించాలి.

రెండు మాంసం కూరలు తీసుకుని చూద్దాం. మొదటిది మిరియాల మాంసం వేపుడు. అరకిలో మాంసం ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లితో ఉడికించి, నీళ్లు ఇంకాక నెయ్యి వేసి వేయిస్తాం. ఎండుకారం అర చెంచాకు మించకుండా చూసి, దించేముందు కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు చెంచాన్నర చల్లాలి. దీనికి సిరానే. మాంసం, నెయ్యి దాని వగరును సర్దుతాయి. దంచిన మిరియాల్లోని రోటుండోన్, వైన్‌లోని రోటుండోన్ ఒకదాన్నొకటి అందుకుంటాయి, వైన్ వాసన ఇంకా స్పష్టమవుతుంది. అయితే మిరియాల ఘాటుకు కారణమైన పైపరిన్ కూడా అదే మంట గ్రాహకాన్ని రేపుతుంది. అందుకే రెండు, మూడు చెంచాలకు పోతే మళ్లీ మొదటి చిక్కే.

రెండోది గోంగూర మాంసం. ఇందులో కారంతో పాటు పులుపుంది. పుల్లటి కూర తిన్న నాలుకకు వైన్‌లోని పులుపు తగ్గినట్టుంటుంది. అసలే పులుపు తక్కువున్న గ్రెనాష్ చప్పగా, ఆల్కహాలు మాత్రమే మిగిలినట్టు తయారవుతుంది. మాల్బెక్ జామ్‌లా బరువెక్కుతుంది. సాఁ జోసెఫ్ లాంటి చల్లటి ప్రాంతపు సిరాకు సొంత పులుపు ఉంటుంది కాబట్టి కొంత నిలబడుతుంది, అదీ పచ్చిమిరప సగానికి తగ్గిస్తేనే. అసలు కారంతో వండిన గోంగూర మాంసానికి ఈ మూడింటిలో ఏదీ సరిపోదు. దాన్ని వైన్ కోసం చెడగొట్టకుండా అన్నంతో తినడమే మంచిది.

గ్రెనాష్‌కు దాల్చినచెక్క, లవంగం, వేయించిన ఉల్లిపాయ ఉన్న వంటలు కలిసొస్తాయి. కారం తగ్గించిన దమ్ బిర్యానీ దానికి చక్కని జోడు. పక్కన మిర్చీ కా సాలన్ మాత్రం వద్దు, అందులో చింతపండు పులుపూ మిరపా రెండూ ఉన్నాయి. మాంసం తినని వాళ్లు మాల్బెక్ దగ్గర ఆగవచ్చు. వేరుశనగ, నువ్వుల ముద్ద కూరి నూనెలో మగ్గించిన గుత్తివంకాయ, చింతపండు కొద్దిగానే వేస్తే, కొవ్వుతోనూ ఉప్పుతోనూ ఆ మెత్తటి వగరుకు సరిపోతుంది. చేపలకు ఈ మూడూ దూరం. ఎర్ర వైన్‌లో ఉండే ఇనుము చేపతో కలిస్తే నీచు వాసన మిగులుతుంది.

ఇంత జాగ్రత్తగా ఎంచినా మన ఇళ్లలో వైన్ తేలిపోయేది వేడి వల్ల. ఎర్ర వైన్‌ను గది వేడిలో తాగాలన్న మాట యూరప్ చలిగదుల కోసం పుట్టింది, అది 16 నుంచి 18 డిగ్రీలు. ఏప్రిల్‌లో హైదరాబాద్ గది అంతకు రెట్టింపు ఉంటుంది. ఆ వేడికి ఆల్కహాలు ఆవిరై ముక్కుకు కొడుతుంది, సిరాలోని మిరియం, మాల్బెక్‌లోని పువ్వు దాని వెనక దాక్కుంటాయి. తాగే ముందు సీసాను ముప్పావు గంట ఫ్రిజ్‌లో ఉంచాలి. గ్రెనాష్ అయితే గంట. పోసిన గ్లాసు పది నిమిషాల్లో వేడెక్కుతుంది కాబట్టి కొంచెం కొంచెం పోసుకుని, సీసాను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాలి.