బూడిద తేలితే షేడ్ ఒక్కటే కారణం కాదు

ఫౌండేషన్ వేసుకున్నాక ముఖం బూడిద పూసినట్టు కనిపిస్తే, చామనఛాయ వాళ్లు చాలామంది ఈసారి ఇంకాస్త ముదురు షేడ్ తెచ్చుకుంటారు. కొన్నిసార్లు అది సరైన మందే. కానీ ముదురు తెచ్చినా బూడిద పోలేదంటే తేడా అండర్‌టోన్‌లో ఉంది. చర్మం ఎంత నలుపు అన్నది ఒక సంగతి, ఆ రంగు అడుగున పసుపు ఉందా, ఎరుపు ఉందా అన్నది ఇంకో సంగతి. మనవాళ్లలో బంగారు ఛాయ, పసుపులో కాస్త ఆకుపచ్చ కలిసిన ఆలివ్ ఛాయ బాగా కనిపిస్తాయి. వాటిమీద గులాబీ రంగు షేడ్ వేస్తే ముఖం పాలిపోతుంది. మణికట్టు నరాల రంగు చూడమంటారు గానీ, ముదురు చర్మంమీద ఆ నరాలు సరిగ్గా కనిపించవు. దాన్ని నమ్ముకోవద్దు.

సీసా మీది అక్షరాలు సాయపడతాయి, అయితే అన్ని కంపెనీలదీ ఒకే లెక్క కాదు. మ్యాక్‌లో ‘ఎన్‌సీ’ అంటే న్యూట్రల్ కూల్. పేరులో కూల్ ఉన్నా అది పసుపు ఛాయకే, ‘ఎన్‌డబ్ల్యూ’ గులాబీ ఛాయకు. లోరియాల్ ట్రూ మ్యాచ్‌లో దీనికి తిరగేసి, ‘డబ్ల్యూ’ బంగారు ఛాయకు, ‘సీ’ గులాబీకి. మ్యాక్‌లో ఎన్‌సీ 42 వాడే అమ్మాయి ‘సీ’ని చూసి లోరియాల్‌లోనూ ‘సీ’ కొంటే బూడిద ఖాయం. ఆమె చూడాల్సింది డబ్ల్యూ వరస. అంకెలైతే ఒక కంపెనీవి ఇంకో కంపెనీకి పనికిరావు.

ఆ అమ్మాయే కొట్లో నిలబడి చూసుకుంటోందనుకోండి. డబ్ల్యూ వరసలో పక్కపక్క షేడ్లు రెండు, న్యూట్రల్ ఒకటి తీసుకుని, దవడ నుంచి మెడ మీదికి మూడు గీతలు పెట్టుకోవాలి. చేతిమీద చూస్తే లాభం లేదు, చేతి రంగు వేరు. పావుగంట ఆగి, గుమ్మం బయటికొచ్చి పగటి వెలుతురులో చూడాలి. బూడిదగా తేలిన గీతలో పసుపు తక్కువో, షేడ్ లేతో అయి ఉంటుంది. నారింజగా తేలితే పసుపు, ఎరుపు మోతాదు మించినట్టు. ఎక్కడుందో వెతుక్కోవాల్సిన గీతే ఆమెది. నుదురు, నోటి చుట్టూ నల్లగా ఉన్నా షేడ్‌ను మాత్రం మెడతోనే కలుపుకోవాలి.

ఆగమన్నది ఊరికే కాదు. కొన్ని ఫౌండేషన్లు ఆరాక, చర్మం జిడ్డు కలిశాక ముదురెక్కుతాయి. అప్పటికప్పుడు సరిపోయిందని కొన్నది మధ్యాహ్నానికి నల్లబడుతుంది.

కాంపాక్ట్‌ను ఫౌండేషన్ మీదే వేసి చూడాలి. ఫౌండేషన్‌కు సరిపోయిన అండర్‌టోన్‌లోనే తీసుకోవాలి. అట్ట మీద ఎస్‌పీఎఫ్‌తోపాటు టైటానియం డయాక్సైడ్ ముందు వరసలో ఉంటే, ఆ తెల్ల పొడి ముదురు చర్మంమీద తేలే అవకాశం ఎక్కువ. పెళ్లికి వేసుకునేదైతే కొనేముందు ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూడండి, అద్దంలో దొరకని తెలుపు అందులో దొరుకుతుంది.