తెరిచిన నోరు మూతపడకపోతే

చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు పెట్టి నోరు నెమ్మదిగా తెరవండి. మొదట వేలి కింద ఎముక ఉన్నచోటే తిరుగుతుంది. ఇంకా తెరిస్తే ముందుకు జారుతుంది. తలుపు బందులా తిరగడమే కాక, ఉన్న చోటు వదిలి ముందుకు కదలడం ఈ కీలు ప్రత్యేకత. దవడ జారడానికి మూలం కూడా అదే.

కింది దవడ పైకొనలో గుండ్రటి తల ఉంటుంది. అది కణత ఎముకలోని గుంటలో కూర్చుంటుంది. రెంటి మధ్య ఓ మెత్తటి బిళ్ల. గుంటకు ముందు ఎముకే చిన్న మిట్టగా ఉబ్బి ఉంటుంది. నోరు బాగా తెరిచినప్పుడు దవడ తల బిళ్లతో సహా ఆ మిట్ట దాకా వెళ్లి, మూసేటప్పుడు వెనక్కి వస్తుంది.

దాన్ని ముందుకు లాగేది లేటరల్ టెరిగాయిడ్ కండరం. మూసే కండరాలు మూడు: బుగ్గ వెనుక మాసెటర్, కణత మీద టెంపొరాలిస్, దవడ లోపలి వైపు మీడియల్ టెరిగాయిడ్. పళ్లు బిగబట్టి కణత తాకితే టెంపొరాలిస్ ఉబ్బడం తెలుస్తుంది. ఈ నాలుగింటికీ ఆజ్ఞ వచ్చేది అయిదో కపాల నాడి మూడో శాఖ నుంచే. కీలు నొప్పిని మెదడుకు చేరవేసేదీ ఆ శాఖే. దాని కొమ్మ ఒకటి చెవికీ వెళ్తుంది కాబట్టి దవడ నొప్పిని చాలామంది చెవిపోటు అనుకుంటారు.

ఒక పెద్దాయన గట్టిగా ఆవలించారనుకుందాం. దవడ తల మిట్ట దాటి అవతలికి దిగింది. నొప్పి కబురు నాడి వెంట వెళ్లగానే మూసే కండరాలు బిగుసుకుంటాయి. నోరు మూయాల్సిన ఆ కండరాలే ఇప్పుడు దవడను పైకి లాగి మిట్ట ముందు ఇరికించేస్తాయి. ఆయన ఎంత ప్రయత్నిస్తే అంత గట్టిగా ఇరుక్కుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు గడ్డం పట్టి పైకి నొక్కినా అంతే.

నోరు తెరుచుకునే ఉంటుంది, చొంగ కారుతుంది, మాట తేలదు, చెవి ముందు గుంట పడుతుంది. ఒక వైపే జారితే గడ్డం రెండో వైపుకు తిరుగుతుంది. ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకుని భయపడతారు. మూతి వంకర పోయే పక్షవాతంలో నోరు మూతపడుతుంది, ఇందులో పడదు. చెయ్యో కాలో కూడా బలహీనపడితే మాత్రం తేడాలు చూస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

డాక్టరు బొటనవేళ్లకు గాజుగుడ్డ చుట్టుకుని, కింది దంతాల వెనుక భాగం మీద పెట్టి ముందు కిందికి నొక్కుతారు. తల మిట్ట కిందికి దిగాకే వెనక్కి తోస్తారు. బిగువు ఎక్కువైతే కండరాలు సడలే మందిస్తారు. కీలు సర్దుకున్న క్షణంలో నోరు ఠక్కున మూసుకుంటుంది, గుడ్డ అందుకే. రెండు వేల ఏళ్ల కిందట హిపోక్రటీస్ సంప్రదాయంలోనూ ఇలాంటి పద్ధతే ఉంది.

మిట్ట చదునుగా ఉన్నవాళ్లకు, బంధనాలు వదులైనవాళ్లకు మళ్లీ జారే అవకాశం ఎక్కువ. వాంతులకు వాడే మెటాక్లోప్రమైడ్ లాంటి మందుల వల్ల కూడా కొందరికి దవడ కండరాలు బిగుస్తాయి, కాబట్టి ఏ మందులు వాడుతున్నారో డాక్టరుకు చెప్పండి. ఒకసారి జారాక కొన్ని వారాలు మెత్తటి అన్నమే తినండి, ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి ఆనించండి. పదేపదే జారుతుంటే నోటి, దవడ శస్త్రచికిత్స నిపుణుణ్ణి కలవండి.