బంతి శిఖరాన ఆగుతుందా?

కుప్పం నుంచి బెంగుళూరు వైపు పోయే రైలుదారిలో గుడుపల్లె ఒక స్టేషను. అక్కడ రాగి కోతలయ్యాక ఖాళీ చేలలో కుర్రవాళ్ళు క్రికెట్ ఆడడం మామూలే. గట్టు దగ్గర నిలబడ్డ ఆటగాడు బంతిని ఏరుకొని వికెట్ కీపరుకు విసిరాడనుకొందాం. బంతి పైకి లేచి, వంపు తిరిగి, కీపరు చేతుల్లో పడుతుంది. ఆ దారిలో అన్నిటికన్న ఎత్తయిన చోట బంతి వేగమెంత?

ఈ ప్రశ్నకు చాలామంది విద్యార్థులు తడుముకోకుండా 'సున్న' అంటారు. నిట్టనిలువుగా ఎగరవేసిన బంతికైతే అది నిజమే. ఏటవాలుగా విసిరిన బంతి మాత్రం అక్కడ నిజంగా ఆగితే, కీపరు వైపు రానే రాదు. చేను నడుమ తిన్నగా కిందికి పడిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. క్రికెట్ బంతి ద్రవ్యరాశి సుమారు 160 గ్రాములు. అది సెకనుకు 25 మీటర్ల వేగంతో, నేలకు 37 డిగ్రీల కోణంలో చేతిని విడిచిందనుకొందాం. విడిచిన ఎత్తులోనే కీపరు దానిని పట్టుకొంటాడు. గురుత్వ త్వరణాన్ని సులభంగా ఉండేందుకు 10గా తీసికొందాం. గాలి సంగతి కాసేపు మరచిపోదాం.

బంతి వేగాన్ని రెండు భాగాలు చేస్తే, నేలకు సమాంతరంగా సెకనుకు 20 మీటర్లు, నిలువుగా 15 మీటర్లు వస్తుంది. భూమి బంతిని కిందికే లాగుతుంది గాని పక్కకు లాగదు. కాబట్టి ఆ 20లో మార్పు లేదు. నిలువు వేగం మాత్రం సెకనుకు 10 వంతున తగ్గి, ఒకటిన్నర సెకన్లలో సున్న అవుతుంది. అప్పటికి బంతి 11.25 మీటర్లు లేచి ఉంటుంది. దిగడానికి మరి ఒకటిన్నర సెకన్లు. మొత్తం 3 సెకన్లలో 60 మీటర్ల దూరం.

ఇప్పుడు శక్తి లెక్క. బయలుదేరినప్పుడు గతిజ శక్తి, అంటే ద్రవ్యరాశిని వేగవర్గంతో గుణించి సగం చేయగా వచ్చేది, 50 జౌళ్ళు. శిఖరాన మిగిలిన వేగం 20. దాని గతిజ శక్తి 32 జౌళ్ళు. తక్కిన 18 ఎక్కడికి పోయాయి? 0.16ను 10తోను, 11.25తోను గుణించి చూడండి, సరిగా 18 వస్తుంది. ఎత్తు వల్ల కలిగిన స్థితిజ శక్తి అదే. దిగేటప్పుడు అది తిరిగి గతిజ శక్తి అవుతుంది.

అదే వేగంతో 53 డిగ్రీల కోణంలో విసిరితే ఏమవుతుంది? రెండు భాగాలూ తారుమారవుతాయి: సమాంతర వేగం 15, నిలువు వేగం 20. బంతి 20 మీటర్లు లేస్తుంది. శిఖరాన గతిజ శక్తి 18, స్థితిజ శక్తి 32. దూరం మాత్రం మళ్ళీ 60 మీటర్లే. 45 డిగ్రీలకు సమానంగా పైనా కిందా ఉన్న కోణాలు ఒకే దూరాన్ని ఇస్తాయని గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథంలోనే చెప్పాడు. అయితే ఈ బంతి చేరడానికి 4 సెకన్లు పడుతుంది. ఎక్కువైన ఆ ఒక్క సెకనులో పరుగెత్తే బ్యాట్స్‌మన్ సుమారు ఆరు మీటర్లు వచ్చేస్తాడు. రనౌట్ తప్పిపోవడానికి అది చాలు!

శక్తి లెక్క బలం, దాని హద్దు రెండూ ఇక్కడ తెలుస్తాయి. పది మీటర్ల ఎత్తులో ఈ రెండు బంతుల వేగమెంత అంటే కోణంతో పని లేదు. స్థితిజ శక్తి 16, గతిజ శక్తి 34, కాబట్టి రెండింటికీ వేగం సెకనుకు 20.6 మీటర్లు. కాని బంతి ఎటు పోతోంది, ఎప్పుడు చేరుతుంది అంటే శక్తి లెక్క బదులు చెప్పదు. శక్తికి దిశ లేదు. దానికి వేగాన్ని రెండు భాగాలుగా విడదీయవలసిందే.

ఇక పక్కన పెట్టిన గాలిని తీసికొందాం. సెకనుకు 25 మీటర్ల వేగంతో పోయే బంతిపై గాలి నిరోధం దాని బరువులో మూడో వంతుకు తక్కువ కాదు. అందుచేత మన 60 మీటర్లలో పది మీటర్లకు పైగా కోత పడుతుంది. కీపరును చేరేసరికి 50 జౌళ్ళలో 20 పైచిలుకు గాలిని కదిలించడంలో ఖర్చయి చివరకు వేడిగా మారుతుంది. శక్తి నశించలేదు, బంతిని విడిచి గాలిలోకి పోయిందంతే. గుడుపల్లె ప్రాంతం సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది గనుక అక్కడి గాలి మద్రాసు తీరంలో కన్న కొంచెం పలుచన. కోత ఆ మేరకు తక్కువే గాని, తీసివేయదగినంత తక్కువ కాదు.

దీనిని మీరే పట్టుకోవచ్చు. పక్కన దూరంగా నిలబడి చూస్తే, బంతి లేచిన వాలు కన్న దిగే వాలు నిటారుగా ఉంటుంది. శిఖరం దారికి సరిగా మధ్యలో కాక, కీపరు వైపుకు జరిగి ఉంటుంది. ఒకే వేగంతో విసిరితే 53 డిగ్రీల బంతి గాలిలో ఎక్కువసేపు తిరుగుతుంది గనుక, 37 డిగ్రీల దానికన్న ముందే నేల పడుతుంది. (చేయి రెండు కోణాల్లోనూ ఒకే వేగం ఇవ్వదు, ఈ పరీక్షలో చిక్కంతా అదే.) స్టాప్‌వాచ్ ఉంటే ప్రయాణకాలం చూడండి. ఆ కాలంలో సగాన్ని 10తో గుణిస్తే నిలువు వేగం, దూరాన్ని కాలంతో భాగిస్తే సమాంతర వేగం వస్తాయి. రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం కట్టండి. అలా వచ్చే వేగం బంతి చేతిని విడిచిన వేగం కన్న తక్కువగానే తేలుతుంది, ఎందుకంటే గాలి తీసికొన్న వాటా ఆ లెక్కలో చేరలేదు.